బాకీ ఉన్న రెండు నెలల అద్దె గురించి, వాయిదాల ఒప్పందం గురించి

సత్యనారాయణపురం, విజయవాడ
8 నవంబర్ 2025

రవికుమార్ గారికి,

నమస్కారం. కింద మెట్ల దగ్గర కలిసినప్పుడల్లా పిల్లల ముందు డబ్బుల మాట ఎత్తడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన అగ్రిమెంటు ప్రకారం గడిచిన నెల అద్దె 12,000 రూపాయలు మరుసటి నెల 5వ తేదీలోపు అందాలి. సెప్టెంబర్, అక్టోబర్ అద్దెలు కలిపి 24,000. అక్టోబర్ 18న మీరు ఫోన్‌పేలో పంపిన 3,000 సెప్టెంబర్ కింద జమ చేసుకున్నాను. పోగా ఈ రోజుకి బాకీ 21,000. మీ లెక్కలో తేడా ఉంటే చెప్పండి, పాస్‌బుక్ పక్కన పెట్టుకుని ఇద్దరం చూసుకుందాం.

మీ కంపెనీలో జీతాలు ఆలస్యమవుతున్నాయని విన్నాను. రెండేళ్లుగా మీ వల్ల ఏ ఇబ్బందీ లేదు, కరెంటు బిల్లు కూడా ఎప్పటికప్పుడు కడుతూనే ఉన్నారు. అందుకే మొత్తం ఒక్కసారే కట్టమనడం లేదు. అలాగని ఊరుకోనూ లేను. నా బ్యాంకు లోను వాయిదా ఈ అద్దె మీదే నడుస్తోంది, ఇంటి పన్ను కూడా కట్టాలి.

అడ్వాన్సులో మినహాయించుకోమని మొన్న మీ ఆవిడ గారు మా ఇంట్లో అన్నారట. అది కుదరదండీ. అడ్వాన్సు ఇల్లు ఖాళీ చేసే రోజున రంగులకీ, రిపేర్లకీ పోగా తిరిగి ఇచ్చేది. ఇప్పుడే కరిగించేస్తే రేపు ఇద్దరికీ పేచీ.

నేను అనుకున్నది ఇది. నవంబర్ 15న 5,000 కట్టండి. మిగతా 16,000 నెలకు 4,000 చొప్పున డిసెంబర్ నుంచి మార్చి దాకా నాలుగు వాయిదాల్లో, మామూలు అద్దెతో కలిపి 5వ తేదీకి ఇవ్వండి. అంటే ఆ నాలుగు నెలలూ 16,000 చొప్పున అవుతుంది. జనవరిలో పండగ ఖర్చులుంటాయి కాబట్టి ఆ నెల వాయిదా మాత్రం 20వ తేదీకి ఇచ్చినా సరే, అద్దె మాత్రం 5కే రావాలి. వడ్డీ ఏమీ వెయ్యను.

ఏ వాయిదా అయినా తేదీ దాటి వారం గడిస్తే మిగిలిన బాకీ అంతా ఒకేసారి కట్టాలి. అప్పటికీ కట్టకపోతే అగ్రిమెంటులో రాసుకున్నట్టు నెల నోటీసు ఇచ్చి ఖాళీ చేయమనక తప్పదు. అంతదాకా రాదనే నా నమ్మకం.

ఈ షరతులే రెండు కాపీలు రాసి ఉంచాను. 16వ తేదీ ఆదివారం ఉదయం పది గంటలకు కిందికి రండి, ఇద్దరం సంతకాలు పెట్టి చెరొకటి ఉంచుకుందాం. అగ్రిమెంటుకు సాక్షిగా ఉన్న మీ బావమరిది గారిని కూడా తీసుకొస్తే మంచిది. కట్టిన ప్రతిసారీ రసీదు ఇస్తాను. నెలకు 4,000 బరువనిపిస్తే ఆ ఆదివారమే చెప్పండి, ఒక నెల పొడిగించి వాయిదా తగ్గించొచ్చు. సంతకం అయ్యాక మాత్రం మార్పులుండవు.

ఇట్లు,
వి. సుబ్బారావు
(ఇంటి యజమాని)