అంకుల్ కు పుట్టినరోజు శుభాకాంక్షలు

అంకుల్, నమస్తే. హ్యాపీ బర్త్ డే. ఫోన్ చేద్దామనుకున్న కానీ మీరు ఎత్తంగనే "తిన్నవా బిడ్డా, ఆగు అమ్మకిస్త" అంటరు, మన మాట అక్కడికే అయిపోతది, నాకేమో ఇయ్యాల కొంచెం ఎక్కువ చెప్పాలని ఉన్నది, అందుకే కూసొని టైప్ చేస్తున్న. పొడుగైతది, తోట కాడికి పోయినంక తీరిగ్గ చదువుకోండ్రి, అద్దాలు పెట్టుకోని.

ఆధార్ ల జూన్ ఒకటి అని ఉంటే మీ పుట్టినరోజు అదే అనుకున్న నేను. మన దిక్కు ఆ వయసోళ్లల్ల సగం మందికి బడిల సార్లు రాసిన తారీఖే కదా. మొన్న అమ్మ చెప్పింది, అవ్వను అడిగితే "చెర్వుగట్టు మీద స్వామి కల్యాణం అయిన తెల్లారి పుట్టిండు, అప్పుడు ఇంట్ల ఎవ్వరు లేరు, అందరు జాతరల ఉన్నరు" అన్నదట. అంటే రథసప్తమి అయినంక వచ్చే రోజు. ఈసారి నుంచి గట్టు జాతరనే లెక్క అని అమ్మ ఫిక్స్ అయింది, పాయసం కూడ చేస్త అన్నది, మీకు షుగర్ లేదు కాబట్టి రెండు గిన్నెలు తినొచ్చు, అమ్మకు మాత్రం ఒక్క స్పూన్ కంటే ఎక్కువ పోనియ్యకండ్రి, మీరు చూడకుంటే ఆమె తింటది.

మీకు విషెస్ రాద్దామని ఫోన్ల వెతికితే అన్ని "నాన్న కంటే ఎక్కువ", "నా ప్రపంచం నువ్వే" అనేవే ఉన్నయి. నాకు అవి పంపబుద్ధి కాలే అంకుల్. మీరు నాకు నాన్న కంటే ఎక్కువ అని రాస్తే అది మీక్కూడ నచ్చదని నాకు తెల్సు. మా నాన్న మా నాన్ననే. మీరు అమ్మను పెండ్లి చేసుకున్నా మనిద్దరికి ఇంకా అంత పరిచయం కూడ లేదు నిజం చెప్పాలంటే, మీకు ఏం కూర ఇష్టమో నేను అమ్మను అడిగి తెల్సుకున్న, నేను ఏం ఉద్యోగం చేస్తున్ననో మీరు కూడ ఎవరికో చెప్పుకుంట "కంప్యూటర్ల ఏదో" అన్నరట. ఇట్లనే ఉన్నది మన సంగతి, ఇట్ల ఉండుడు తప్పేం కాదు అనిపిస్తది నాకు. కానీ మీ గురించి నాకు తెల్సిన కాడికి మాత్రం గట్టిగ తెల్సు, ఇయ్యాల ఆ మాటలే రాస్తున్న.

మొదటిది రిజిస్ట్రార్ ఆఫీస్ సంగతి. నోటీస్ బోర్డు మీద 30 రోజులు మీ ఇద్దరి పేర్లు పెట్టిండ్రు కదా, ఆ నెల మా చుట్టాలల్ల ఎవరెవరు ఏమన్నరో నాకు అన్ని యాదికున్నయి, రాయను ఇక్కడ. అమ్మ అయితే రెండుసార్లు వద్దు అన్నది, ఈ వయసుల నాకెందుకు, పిల్లకు సంబంధాలు రావేమో అని. అప్పుడు మీరు మా ఇంటికి వచ్చి అమ్మ తోటి కాదు, నా తోటి మాట్లాడిండ్రు. "నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు బిడ్డా, మీ అమ్మకు నేను చెప్పుకుంట, నీ మీదికి రానియ్య" అన్నరు. చాయ్ తాగకుంటనే లేచి పోయిండ్రు, నన్ను ఆలోచించుకోనిద్దామని. సాక్షులు 3 కావాలె అన్నప్పుడు కూడ "సంతకం పెట్టాల్సిన అవసరం లేదు, మావోళ్లు ఉన్నరు" అన్నరు. నేను పెట్టిన. మనస్ఫూర్తిగ పెట్టిన అంకుల్, నేను వద్దన్నా ఏమనుకోను అని మీరు అన్న తీరు చూసినంకనే పెట్టిన.

ఇంకోటి, నాన్న బండి. ఆ పాత బండి వరండాల టార్పాలిన్ కింద ఉండంగ ఎంతమంది అడిగిండ్రో అమ్మేస్తరా అని. మీరు ఇంటికి వచ్చిన కొత్తల నాకు ఫోన్ చేసి "ఆ బండిని నేను నడపను, ముట్టను, కానీ అప్పుడప్పుడు స్టార్ట్ చేసి పెట్టకుంటే ఇంజన్ జామ్ అయితది, చేయొచ్చా" అని అడిగిండ్రు. మీరు అడగకుంట చేసినా నాకు తెల్వకపోతుండె. దసరాకు వచ్చినప్పుడు చూసిన, కార్బొరేటర్ కడిగిచ్చిండ్రు, చైన్ కు ఆయిల్ పెట్టిండ్రు, సీట్ కవర్ మాత్రం చినిగినట్టే ఉంచిండ్రు, నాన్న కూసున్న సీట్ మార్పిచ్చబుద్ధి కాలేదని అమ్మతోటి అన్నరంట. దాని గురించి మీ ముంగట నేనేం మాట్లాడలే, ఏడుపొస్తది అని. ఇప్పుడు చెప్తున్న, చాన చాన థాంక్స్.

ఆ బత్తాయి డబ్బలు కూడ. ఆర్టీసీ కార్గోల వచ్చిన ప్రతి డబ్బ మీద నీలం మార్కర్ తోటి నా పేరు, నా ఇంటిపేరు తోటి సహా ఉంటది, మీ ఇంటిపేరు కాదు, మా నాన్నది, స్పెల్లింగ్ కూడ కరెక్ట్. మా రూమ్ ల నా ఫ్రెండ్స్ కు మీ కాయ బాగ అలవాటైంది, బయట బండ్ల మీద కొన్న కాయలు తినిపిస్తే రసం లేదు అంటున్నరు. నల్లగొండ బత్తాయి అంటే ఏందో వాళ్లకు మీ వల్లనే తెల్సింది. కాయలు పైన పెట్టినవి, కింద పెట్టినవి ఒక్క తీరుగ ఉంటయి, మార్కెట్ కు పంపే ట్రేలల్ల కూడ మీరు పైన మంచివి కింద చిన్నవి పెట్టరట, బాటసింగారంల తరుగు కింద టన్నుకు ఇంత అని కోసినా సరే. అమ్మ ఈ మాట చెప్పుకుంట ఎంత మురిసిందో మీరు చూడాల్సింది.

అమ్మ మురుసుడు నాకు కొత్త. నాన్న పోయినంక ఆమె అంగన్‌వాడీ నుంచి రాంగనే టీవీ పెట్టుకోని, చూడకుంట కూసునేది. పూలు పెట్టుకుందామంటే ఎవరేమంటరో అని భయం. ఇప్పుడు ఫోన్ చేస్తే వెనక మీరు ఏదో అంటరు, ఆమె నా మాట ఆపి మీకు జవాబు చెప్తది, మల్ల నవ్వుతది, నేను లైన్ల ఉన్న సంగతే మర్చిపోతది. నాకు అట్ల వినుడు మస్తు ఇష్టం. బీపీ గోలి వేసుకుందా అని రోజు నేను అడిగేదాన్ని, ఇప్పుడు అడిగే పని లేదు, పొద్దున గోలి, రాత్రి గోలి వేరే వేరే డబ్బలల్ల పెట్టి మూతల మీద సూర్యుడు, చందమామ గీసిండ్రట కదా మీరు. హైదరాబాద్ ల నేను రాత్రి నిమ్మలంగ పడుకుంటున్న అంటే దాని వెనక మీరున్నరు. ఈ ఒక్క మాట మీకు చేరితే చాలు, మిగతాది చదవకున్నా పర్వాలేదు.

తమ్మునికి కూడ చెప్పండ్రి, వాడు నన్ను అక్కా అని పిలుస్తుంటే నాకు సంతోషమే అని. వాడు ఇంటర్ అయినంక హైదరాబాద్ ల చదువుతా అంటే హాస్టల్, కాలేజ్ అన్ని నేను తిరిగి చూస్త, ఆ విషయంల మీరు టెన్షన్ పడకండ్రి. వాళ్ల అమ్మ గురించి వాడు మాట్లాడాలనుకుంటే మాట్లాడనియ్యండ్రి, అమ్మ ఏమనుకుంటదో అని మీరిద్దరు ఆపుకోవద్దు. అమ్మ ఏమనుకోదు. ఆమె కూడ నాన్న గురించి మీ దగ్గర మాట్లాడుతదట కదా, మీరు వింటరట.

గిఫ్ట్ ఒకటి పంపిన, అమ్మ బియ్యం డబ్బ వెనక దాచింది, అడగండ్రి ఇస్తది. తలకు పెట్టుకునే చార్జింగ్ లైట్. సంక్రాంతికి వచ్చినప్పుడు చీకట్లనే తోటకు పోయినం కదా, స్టార్టర్ డబ్బల ఫ్యూజ్ పోతే మీరు సెల్ ఫోన్ ను నోట్ల పట్టుకోని ఆ వెలుతుర్ల రెండు చేతులతోటి వైర్ సుడుతుండ్రి, నాకు పానం పోయినంత పనైంది. పాములు కూడ ఉంటయి పాదులల్ల. ఇగ అట్ల చేయొద్దు. దానికి చార్జింగ్ ఒక్కసారి పెడ్తే రాత్రంత వస్తది అని షాపాయన చెప్పిండు, వర్షంల తడిసినా ఏం కాదట. రబ్బర్ చెప్పులు కూడ కొందామనుకున్న కానీ మీ సైజ్ నాకు తెల్వదు. అది కూడ చెప్పండ్రి, రాసి పెట్టుకుంట.

ఆ రోజు మీరు కరువు సంగతి చెప్పిండ్రు, బోర్లు ఎండిపోయి, అప్పు తెచ్చి ట్యాంకర్లతోటి నీళ్లు పోసినా సగం చెట్లు ఎండినయి, కట్టె కొట్టి అమ్మిండ్రు అని, ఆ తర్వాత ఏఎమ్మార్పీ కాల్వ నీళ్లు వచ్చినంక మల్ల మొక్కలు పెట్టిండ్రు అని. అంతసేపు మీరు మాట్లాడుడు నేను అప్పుడే చూసిన. మధ్యల అమ్మ ఫోన్ చేసి టిఫిన్ సల్లారుతుంది అన్నది, అక్కడికే ఆగిపోయినం. మిగతాది వినాలని ఉన్నది నాకు, కట్టె కొట్టినంక ఆ భూమి ఎట్ల నిలబెట్టుకున్నరో, అక్క, అంటే మీ బిడ్డ, అప్పుడు ఎంతుండెనో. తొందర లేదు, మీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పండ్రి.

నేను వచ్చే ఆదివారం వస్తున్న, పొద్దున మొదటి బస్ కే ఎక్కుత, క్లాక్ టవర్ కాడ దిగి ఆటోల వస్త, మీరు బండేసుకోని రావద్దు, తోట పని ఆపుకోవద్దు. చెట్లకు నీళ్లు బందు పెట్టి, ఆకు వాడినంక మల్ల తడి ఇచ్చిండ్రట, పూత మంచిగ వచ్చిందని అమ్మ వీడియో పెట్టింది కానీ వీడియోల వాసన రాదు కదా. పూత మీద ఉన్న తోట నేను ఇంతవరకు చూడలే, కాయ మీదనే చూసిన. మీకు వీలైతే మధ్యాహ్నం అన్నం తిన్నంక తీసుకపోండ్రి, మనిద్దరమే పోదాం, అమ్మ ఎట్లాగు ఎండకు రాదు.

వందేళ్లు చల్లగ ఉండండ్రి అంకుల్. ఈ యేడు కాయకు మంచి రేటు రావాలె, మోకాలు నొప్పి తగ్గాలె, అవ్వ ఆరోగ్యం బాగుండాలె. గట్టు స్వామికి మీ పేరు మీద ఇక్కడి నుంచే దండం పెట్టుకున్న. ఇది చదివినంక పెద్ద జవాబేం రాయొద్దు, చదివిన అని ఒక్క మాట పెట్టండ్రి చాలు, లేదంటే లైట్ తలకు పెట్టుకోని ఫోటో తియ్యమని తమ్మునికి చెప్పండ్రి, నా ఫోన్ల మీ ఫోటో ఒక్కటి కూడ లేదు.

మల్లొకసారి హ్యాపీ బర్త్ డే.

స్వప్న