నాలుగో బెంచీ

శ్రావణికి బోర్డు సరిగ్గా కనిపించక చాలా రోజులైంది, ఆ సంగతి మాత్రం ఎవరికీ తెలియనివ్వలేదు. నాలుగో బెంచీ నుంచి చూస్తే అక్కడ తెల్లగా ఏదో రాసి ఉందని తెలుస్తుంది, అంతే. అది ‘ప’నో ‘వ’నో, మూడో ఎనిమిదో చెప్పమంటే ఊహించి చెప్పాల్సిందే. పుస్తకం చేతిలో పెడితే ఎంత చిన్న అక్షరమైనా గడగడా చదివేస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

పక్కన కూర్చునే హసీనా నోట్సు చూసి రాసుకునేది. హసీనా తప్పు రాస్తే శ్రావణిదీ అదే తప్పు. హసీనా బడికి రాని రోజు ఇంకో ఉపాయం. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకి మడిచి, మధ్యలో సూది బెజ్జమంత సందు వదిలి, అందులోంచి ఒంటికన్నుతో చూస్తే అక్షరాలు కాస్త విడివిడిగా కనిపిస్తాయి. ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టింది. కాకపోతే అలా ఒక్కో ముక్కా చూసి రాసేలోపు టీచర్ బోర్డు తుడిచేసేవారు.

చెప్పేస్తే పోయేదిగా అనిపిస్తుంది మనకి. కానీ క్లాసులో కిరణ్ అని ఒకడున్నాడు, వాడికి కళ్లద్దాలు వచ్చిన రోజే ‘సోడాబుడ్డి’ అని పేరు పెట్టేశారు, అప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది శ్రావణే. ఇంట్లో చూస్తే నాన్న రోజూ ‘ఆ ఫోన్ చూసీ చూసీ కళ్లు పోగొట్టుకుంటావ్’ అంటుంటాడు. ఇప్పుడు నిజంగానే పోయాయని తెలిస్తే ఇంకేమైనా ఉందా?

లెక్కల టీచర్‌కి మొదట అనుమానం వచ్చింది పేపర్లు దిద్దుతుంటే. ప్రశ్నపత్రం అచ్చేసి ఇచ్చిన పరీక్షలో ఈ పిల్లకి మంచి మార్కులు, బోర్డు మీద రాసి పెట్టిన స్లిప్ టెస్టులో సగం కూడా రాలేదు. తీరా చూస్తే లెక్క చేసిన పద్ధతి అంతా కరెక్టే, దించుకున్న అంకెలే తప్పు. 38 బదులు 33 రాసుకుని, ఆ 33తో చివరిదాకా ఒక్క పొరపాటు లేకుండా చేసుకెళ్లింది.

మర్నాడు ఆవిడ క్లాసుకొచ్చి ఏమీ మాట్లాడకుండా బోర్డు మీద ఒక్క వాక్యం రాశారు: ఈ రోజు హోంవర్క్ లేదు. క్లాసంతా ఒక్కసారిగా గోల. శ్రావణి ఇటు హసీనా మొహం చూసి, అటు వెనక్కి తిరిగి చూసి, ఆ తర్వాత తనూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. టీచర్ ఆ ఆలస్యాన్ని చూశారు, చూడనట్టే పాఠం మొదలుపెట్టారు.

ఇంటర్వెల్‌లో అందరూ బయటికి పోయాక, “శ్రావణీ, కొంచెం బోర్డు తుడుస్తావా?” అని ఆపారు. డస్టర్ ఇవ్వకుండా, “ముందు అక్కడ కింద ఏం రాశానో చదువు, ఇక్కణ్ణుంచి సరిగ్గా కనపడ్డంలేదు” అన్నారు.

శ్రావణి చెయ్యి ఎత్తబోయి దించేసింది. ఏడుపొచ్చింది.

“ఏం ఫర్లేదమ్మా. కనిపించేదాకా నడువు.”

మూడో బెంచీ, రెండో బెంచీ. మొదటి బెంచీ కూడా దాటి, బోర్డుకి నాలుగడుగుల దూరంలో ఆగి చదివింది.

“ఎప్పట్నించి ఇలా?”

“తెలీదు టీచర్. సెలవులకి ముందే అనుకుంటా.” ముక్కు తుడుచుకుని అడిగింది, “అద్దాలు పెట్టుకుంటే సైట్ ఇంకా పెరుగుతుందంట కదా?”

“ఎవరు చెప్పారు? ఎదిగే వయసులో కొంతమందికి కంటిగుడ్డు కాస్త ఎక్కువ పొడవుగా పెరుగుతుంది, దాంతో దూరంవి మసకబారతాయి. అది పెరిగేకొద్దీ పవర్ మారుతుంది కానీ అద్దాల వల్ల కాదు. వేళ్ల సందులోంచి చూసి ఎన్నాళ్లు నెట్టుకొస్తావ్?”

వేళ్ల సంగతి కూడా ఆవిడకి తెలుసన్నమాట!

“మా నాన్నకి చెప్పొద్దు టీచర్.”

“చెప్పాలి. తిట్టకుండా ఉండేలా చెప్తాలే.”

ఆ సాయంత్రం ఫోన్‌లో ఏం చెప్పారోగానీ నాన్న తిట్టలేదు. భోజనం దగ్గర రెండుసార్లు ‘ఇది ఎన్ని?’ అని వేళ్లు చూపించాడు, ఎదురుగా కూర్చుని చూపిస్తే కనిపించక ఏమవుతుంది? శనివారం కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ చార్టులో పైనున్న పెద్ద అక్షరం తప్ప ఏమీ చెప్పలేకపోయేసరికి నాన్న మొహం మాడిపోయింది. ఆ తర్వాత ఏ ఫ్రేమ్ అడిగితే ఆ ఫ్రేమ్ కొనిచ్చాడు.

సోమవారం అద్దాలు పెట్టుకుని బోర్డు చూస్తే, ఒక మూల పెచ్చు ఊడిపోయి ఉందని మొదటిసారి తెలిసింది. వెనక బెంచీ నుంచి ఎవడో “సోడాబుడ్డి నంబర్ టూ” అన్నాడు. శ్రావణి చెవులు వేడెక్కాయి, తల తిప్పలేదు. బెల్లు కొట్టాక కిరణ్ తనంతట తనే వచ్చి బెంచీ పక్కన నిలబడ్డాడు.

“నీకెంత?”

“మైనస్ రెండున్నర.”

“ఓస్, అంతేనా! నాది నాలుగు” అన్నాడు, క్లాసు ఫస్ట్ వచ్చినవాడిలా.