చెరువులు, నాలాల ఫెలోషిప్: దరఖాస్తు ప్రశ్నలకు నా జవాబులు

ప్రశ్న 1. మీ గురించి చెప్పండి. మార్కులు, సర్టిఫికెట్ల వివరాలు వద్దు, అవి మీరు జతచేసిన కాగితాల్లో ఉన్నాయి. (150 పదాలు)

నాకు 23 ఏళ్లు. హైదరాబాద్‌లో సరూర్‌నగర్ దగ్గర ఉంటాం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరాను. చదువు 2024లో అయిపోయింది. అప్పటి నుంచి ఒక కాంట్రాక్టర్ దగ్గర సర్వే అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. రోడ్లకు, డ్రైనేజీ లైన్లకు లెవెల్స్ తీయడం, అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం నా పని. పొద్దున ఏడింటికి ఆటో లెవెల్ స్టాండు మీద బిగిస్తే, ఎండ ముదిరి స్టాఫ్ అనే కొలతకర్ర మీది అంకెలు ఆవిరిలో వణికినట్టు కనిపించేదాకా అక్కడే ఉంటాను.

నాన్న టైలర్. అమ్మ ఇంట్లోనే కాజాలు, గుండీలు కుడుతుంది. మా నాయనమ్మకు చదువు రాదు గానీ మా చుట్టుపక్కల ఒకప్పుడు పొలం ఎక్కడుండేదో, కాలువ ఎటు పోయేదో ఆమెకు కళ్లకు కట్టినట్టు గుర్తు. చేతిలో యంత్రం ఉన్న నాకు తెలియని సంగతులు ఆమెకు తెలుసు. ఈ రెండు తెలివిడులూ ఒకే మ్యాపు మీదికి రావాలన్నది నా కోరిక. కాలేజీలో గెలిచిన క్విజ్‌ల గురించి, చేసిన సెమినార్ల గురించి ఇక్కడ రాయడం లేదు. వాటిలో ఒక్కటీ నన్ను నాలా గట్టు మీదికి తీసుకెళ్లలేదు.

ప్రశ్న 2. మిమ్మల్ని ఈ పనిలోకి తెచ్చిన అనుభవం ఒక్కటే ఎంచుకుని రాయండి. (150 పదాలు)

2020 అక్టోబర్ 13 రాత్రి. మీర్‌పేట వైపు చెరువుల నుంచి సరూర్‌నగర్ చెరువుకు నీళ్లొచ్చే దారిలో ఉంది మా కాలనీ. వాన గట్టిగా పడుతోంది. అమ్మ గుమ్మానికి అడ్డంగా గోనెసంచులు పెట్టింది. నీళ్లు గుమ్మం దగ్గరికి రాకముందే బాత్రూం రంధ్రంలోంచి నల్లగా పొంగాయి. మేం వీధి వైపు చూస్తూ నిలబడితే అవి మా వెనక నుంచి వచ్చాయి. నాన్న మిషన్ తలను బల్ల మీద నుంచి ఊడదీసి భుజాన పెట్టుకుని మేడ మీదికి పరుగెత్తాడు. కిందే ఉండిపోయిన మోటారు మళ్లీ పనిచేయలేదు. కస్టమర్లవి పెళ్లి బట్టలు తడిసిపోయాయి. వాటి డబ్బు కట్టడానికి ఏడాది పట్టింది.

తెల్లవారాక మేడ మీద కూర్చుని నాయనమ్మ, "ఈడ కాలువ ఉండె బిడ్డా, నీళ్లు దాని తొవ్వల అదే పోతున్నయి" అంది. అప్పుడు నేను డిప్లొమా చివరి సంవత్సరం. కాలువ వాలు ఎలా లెక్కకట్టాలో పరీక్షల్లో రాస్తున్నాను, మేం ఉంటున్నదే కాలువలో అని నాకు తెలియదు. ఆ తర్వాత రెండు వారాలు బురద ఎత్తిపోశాం, సాయం కోసం చాలా తిరిగాం. ఆ సంగతులు రాస్తే పేజీలు సరిపోవు. కానీ నన్ను మార్చింది ఆమె చెప్పిన ఆ ఒక్క మాటే.

ప్రశ్న 3. పనిలో మీరు చేసిన తప్పు ఒకటి, దాన్ని ఎలా సరిచేశారో రాయండి. (150 పదాలు)

ఉద్యోగంలో చేరిన మూడో నెలలో ఒక నాలా పొడవునా లెవెల్స్ తీశాను. ఎత్తు ముందే తెలిసిన గుర్తు, అంటే ఒక బెంచ్‌మార్క్ దగ్గర మొదలుపెట్టి, సరిగ్గా కిలోమీటరు చుట్టు తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాను. లెక్క కడితే మొదటి ఎత్తుకూ చివరి ఎత్తుకూ 90 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. మామూలు లెవెలింగ్‌లో కిలోమీటరు చుట్టుకు 24 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. నాది దాదాపు నాలుగింతలు.

సాయంత్రం ఆరయింది, మర్నాడే రిపోర్టు ఇవ్వాలి. తేడాను అన్ని పాయింట్లకూ కాస్త కాస్త పంచేసి సరిపెట్టేయొచ్చు కదా అన్న ఆలోచన రాకపోలేదు. కానీ ఆ నాలా వాలు వెయ్యికి ఒకటి, అంటే 100 మీటర్లకు 10 సెంటీమీటర్ల దిగువ. నా తప్పు 9 సెంటీమీటర్లు. దాన్ని అలాగే కాగితం మీద దాచేస్తే దాదాపు 100 మీటర్ల వాలు నా పుస్తకంలోనే మాయమైపోతుంది. కట్టాక నీళ్లు నిలిచేది ఎవరి ఇంటి ముందో నాకు తెలుసు.

ఆ రాత్రే ఇంజినీర్ సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. కోప్పడ్డారు, కానీ ఒక రోజు గడువు ఇచ్చారు. పొద్దున్నే వెళ్లి మళ్లీ తీశాను. యంత్రాన్ని ముందుకు జరిపే ఒక చేంజ్ పాయింట్ దగ్గర 1.345ను 1.435 అని రాసుకున్నాను. అంకెలు తారుమారయ్యాయి, అంతే. అప్పటి నుంచి ప్రతి రీడింగూ పైకి చదువుతాను, స్టాఫ్ పట్టుకున్న అన్న తిరిగి చెప్తాడు, ఆ తర్వాతే రాసుకుంటాను.

ప్రశ్న 4. హైదరాబాద్ నీటి చరిత్రలోంచి ఒక విషయం ఎంచుకుని, ఈ రోజుకు దాని అవసరం ఏమిటో చెప్పండి. (150 పదాలు)

1908 సెప్టెంబర్‌లో మూసీకి వచ్చిన వరదను ఎంచుకుంటున్నాను. వేలమందిని మింగిన ఆ వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నీటిని నగరానికి ఎగువనే ఆపాలన్నది ఆయన ప్రణాళిక. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అఫ్జల్‌గంజ్‌లో జనాన్ని కాపాడిన చింతచెట్టు కథ అందరికీ తెలిసిందే కాబట్టి దానికి పట్టే పదాలను మరో సంగతికి వాడుకుంటాను.

ఎగువ నుంచి వచ్చే నది వరదను ఆ జలాశయాలు పట్టి ఉంచగలవు. నగరం నెత్తిన పడే వానను పట్టలేవు. ఆ పని గొలుసుకట్టు చెరువులది. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కాలువలో కింది చెరువుకు, చివరికి మూసీకి చేరేవి. చెరువును పూడ్చితే ఎవరో ఒకరు అరుస్తారు. మధ్యలో కాలువ సన్నబడితే ఎవరికీ కనిపించదు. మా ఇంట్లోకి నీళ్లొచ్చింది చెరువు లేక కాదు, రెండు చెరువుల నడుమ దారి లేక. అందుకే పెద్ద ప్రాజెక్టుల కంటే ముందు ఈ చిన్న దారుల లెక్క తేలాలని గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న 5. ఫెలోషిప్ ఏడాదిలో ఏం చేస్తారు? (150 పదాలు)

రెండు చెరువుల మధ్య ఒక్క నాలా తీసుకుంటాను, సుమారు 3 కిలోమీటర్లు. ప్రతి 20 మీటర్లకు అడుగు లెవెల్, వెడల్పు, లోతు తీస్తాను. ప్రతి కల్వర్టు దగ్గర ఆగి ఎంత పూడిక ఉందో, ఏ పైపు అడ్డంగా పోతోందో కొలుస్తాను. ఆ గట్టున పాతికేళ్లకు పైగా ఉంటున్నవాళ్లను కలిసి 2020లో నీళ్లు గోడ మీద ఎంతదాకా వచ్చాయో అడిగి, ఆ గుర్తుకూ లెవెల్ తీస్తాను. జూన్ వానలు మొదలయ్యేలోపు మ్యాపు పూర్తవ్వాలి. దాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ వేసి గల్లీల్లో పెడతాను.

మొదట రాసినప్పుడు డ్రోన్ సర్వే, మొబైల్ యాప్ కూడా చేర్చాను. రెండూ తీసేశాను. స్లాబు కప్పేసిన నాలాలో ఏముందో డ్రోన్‌కు కనిపించదు, దిగి చూడాల్సిందే. యాప్ చేయడం నాకు రాదు.

ప్రశ్న 6. పైన చోటు లేక వదిలేసిన వాటిలో మేం తెలుసుకోవాల్సింది ఏదైనా ఉందా? (60 పదాలు)

రెండు ఉన్నాయి. ఇప్పుడు నా జీతం 18,000. ఇల్లు దాని మీదే నడుస్తోంది కాబట్టి స్టైపెండ్ నెలనెలా అందితేనే చేరగలను. రెండోది, ఉర్దూ మాట్లాడతాను కానీ చదవలేను. నిజాం కాలం నాటి రెవెన్యూ రికార్డులు ఉర్దూలో ఉంటాయి. కాలువ పాత హద్దులు తెలియాలంటే అవి చదవాలి. మా పక్కింటి ఆపా దగ్గర రోజూ రాత్రి అరగంట నేర్చుకుంటున్నాను. అక్షరాలు అయిపోయాయి, ఇప్పుడు చిన్న చిన్న మాటలు కూడబలుక్కుని చదువుతున్నాను.