పాత రాగి చెంబు

"మబ్బు పోదా నాన్నా?" వంశీ అప్పటికి పదోసారి అడిగాడు.

2025 సెప్టెంబరు 7, ఆదివారం, చంద్రగ్రహణం. బెంగళూరు దగ్గరి దొడ్డబళ్లాపురంలో ఆ రాత్రి వీధి మగ్గాలన్నీ ఆగాయి. నానమ్మ ఆవకాయ జాడీ మీద దర్భ వేసి, పెందలాడే అందరికీ అన్నం పెట్టేసింది. మేడ మీదికి మాత్రం రానంది.

పదికి కాస్త ముందు చంద్రుడి అంచు నల్లబడింది. పదకొండు దాటేసరికి మబ్బు విడిపోయింది. వంశీకి నోట మాట రాలేదు. చంద్రుడు మాయమవలేదు, ఎర్రగా, గుండ్రంగా, చేత్తో పట్టుకోవచ్చన్నంత బరువుగా వేలాడుతున్నాడు.

"కుంకుమ రంగు" అన్నాడు నాన్న. చీరల రంగుల్లో ఆయన మాటకు తిరుగులేదు.

"కాదురా, పాత రాగి చెంబు." వెనక నానమ్మ! ఎప్పుడొచ్చిందో.

"భూమి నీడలో ఉన్నా ఆ వెలుగెలా వచ్చింది?"

"మన గాలి ఎండను వంచి అక్కడికి పంపుతుంది నానమ్మా. నీలం చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. ఇప్పుడు భూమ్మీద ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తోందో, గుంకుతోందో, ఆ ఎరుపంతా అదే."

"లండన్‌లో మీ అత్త వాళ్ళదీనా?"

వంశీ ఫోన్‌లో చూశాడు. "అక్కడ ఇంకో అరగంటలో గుంకుతుంది."

"అయితే అప్పటిదాకా ఉంటాను." నానమ్మ కొంగు కప్పుకుని నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుంది.