రైతు బజారులో ఒక ఉదయం: చూద్దాం, లెక్కపెడదాం, రాద్దాం

అయిదో తరగతి క్షేత్ర పర్యటన వర్క్‌షీట్
ఎక్కడికి: ఎం.వి.పి. కాలనీ రైతు బజారు, విశాఖపట్నం
ఎప్పుడు: నవంబరు 22, శనివారం. ఉదయం 7 గంటలకి బడి గేటు దగ్గర కలుద్దాం, 9:30కి తిరిగి వచ్చేస్తాం.
జట్లు: వంకాయ జట్టు, బెండకాయ జట్టు, బీరకాయ జట్టు, గోంగూర జట్టు. జట్టుకి అయిదుగురు పిల్లలు, తోడుగా ఒక పెద్దవాళ్లు.

తెచ్చుకోవాల్సినవి: లెక్కల నోట్‌బుక్, రెండు పెన్సిళ్లు (ఒకటి విరుగుతుంది, ఖాయం), రాయడానికి అట్ట, గుడ్డ సంచి, మంచినీళ్లు. పెన్ను వద్దు. అక్కడ నేల తడిగా ఉంటుంది, నీళ్లు చిమ్ముతుంటారు. పెన్నుతో రాస్తే సిరా చెదిరిపోతుంది. జవాబులన్నీ నోట్‌బుక్‌లోనే రాయండి. ఈ కాగితం చదువుకోవడానికి మాత్రమే.

బయల్దేరే ముందు, తరగతిలో

రైతులు తమ పంటని తామే తెచ్చి, మధ్యలో దళారీ లేకుండా అమ్ముకోవాలని 1999లో మన రాష్ట్రంలో రైతు బజార్లు మొదలుపెట్టారు. మీ ఇంట్లో ఎవరో ఒకరు అక్కడికి వెళ్తూనే ఉంటారు. కాబట్టి ముందు ఒక అంచనా వేయండి. నోట్‌బుక్‌లో ఒక పేజీకి "నా అంచనా" అని పేరు పెట్టి ఈ మూడూ రాయండి.

1. మనం వెళ్లేసరికి అమ్మేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ ఉంటారా, మగవాళ్లు ఎక్కువ ఉంటారా?
2. ఎన్ని రకాల ఆకుకూరలు కనిపిస్తాయి?
3. అరకిలో టమాటాలంటే ఎన్ని కాయలు?

అంచనా తప్పినా మార్కులు పోవు. కానీ వచ్చాక రబ్బరుతో చెరిపి సరైన అంకె వేస్తే మాత్రం ఊరుకోను. అంచనా ఒక చోట, లెక్క ఇంకో చోట ఉండాలి. రెండిటికీ తేడా ఎంతో చూడటమే మనకి కావాల్సింది.

1. గేటు దగ్గర: ధరల బోర్డు

లోపలికి వెళ్లగానే ఆ రోజు ధరలు రాసిన బోర్డు ఉంటుంది. జట్టులో ఒకరు చదవండి, ఒకరు రాయండి, మూడోవాళ్లు సరిచూడండి. ఏవైనా పది కూరగాయలు చాలు. పేజీ పైన తేదీ, సమయం రాయడం మరవకండి. తేదీ లేని ధర ఎందుకూ పనికిరాదు, రేపు మారిపోతుంది.

మూడు నిలువు వరసలు గీయండి: కూరగాయ పేరు, కిలో ధర, పావు కిలో ధర. మూడో వరస మీరే లెక్క కట్టాలి. ఉదాహరణకి బెండకాయ కిలో 42 రూపాయలు అనుకోండి. 42ని 4తో భాగిస్తే పావు కిలోకి 10 రూపాయల 50 పైసలు. మరి ఈ రోజుల్లో 50 పైసలు ఎవరి దగ్గర ఉన్నాయి? అమ్మేవాళ్లు 10 తీసుకుంటారా, 11 తీసుకుంటారా, లేక రెండు కాయలు తగ్గించి వేస్తారా? ఒక దుకాణం దగ్గర నిలబడి గమనించి, కళ్లారా చూసిందే రాయండి.

2. వరసలో నడుస్తూ: గీతలతో లెక్క

ఒక్కో జట్టుకి ఒక్కో వరస. వరస మొదటి నుంచి చివరి దాకా ఒకసారి ఊరికే నడవండి, ఏమీ రాయకుండా. వెనక్కి వచ్చేటప్పుడు లెక్కపెట్టండి. కనిపించిన ప్రతిదానికీ ఒక నిలువు గీత. నాలుగు గీతలయ్యాక అయిదోది వాటి మీదుగా అడ్డంగా. ఇవే మన పాఠంలోని గణన చిహ్నాలు. మనసులో 1, 2, 3 అనుకుంటూ పోతే మధ్యలో ఎవరో "పక్కకి జరుగు నాన్నా" అంటారు, లెక్క పోతుంది. గీత కాగితం మీద ఉంటుంది కాబట్టి ఎక్కడికీ పోదు.

లెక్కపెట్టాల్సినవి:
- అమ్మేవాళ్లు ఉన్న దుకాణాలు, ఖాళీగా ఉన్న దుకాణాలు
- అమ్మేవాళ్లలో ఆడవాళ్లు, మగవాళ్లు
- ఆకుకూరలు మాత్రమే పెట్టుకున్నవాళ్లు
- ఒకే ఒక్క రకం కూరగాయ పెట్టుకున్నవాళ్లు

ఒక దుకాణంలో ఇద్దరు కూర్చుంటే? దుకాణం ఒకటి, మనుషులు ఇద్దరు. భార్య తూకం వేస్తుంటే భర్త వెనక సంచులు విప్పుతున్నా ఇద్దరూ లెక్కలోకి వస్తారు. టీ అందిస్తూ తిరిగే అబ్బాయి రాడు. ఇలాంటి సందేహం వస్తే జట్టంతా ఒక మాట అనుకుని, ఆ మాటని పేజీ కింద రాయండి. తర్వాత మీ లెక్క చూసేవాళ్లకి అది అవసరం.

3. ఆకుకూరల దగ్గర: ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండా లెక్క

తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి, పాలకూర, మెంతికూర, కొత్తిమీర, పుదీనా, కరివేపాకు. ఇందులో మీకు ఎన్ని కనిపించాయి? ఈ జాబితాలో లేనివి ఉంటే పేరు అడిగి రాసుకోండి. ఆ పేరు తెచ్చినవాళ్లకి తరగతిలో చప్పట్లు.

ఇప్పుడు కట్టలు పేర్చిన ఒక గోనెపట్టా ఎంచుకోండి. ఒక అడ్డవరసలో ఎన్ని కట్టలు? అలాంటి వరసలు ఎన్ని? అడ్డవరసలో 8, వరసలు 6 ఉంటే 8 × 6 = 48. ఒకదాని మీద ఒకటి రెండు పొరలుగా పేరిస్తే 96. పై పొర సగమే ఉంటే ఏం చేయాలో మీరే ఆలోచించండి. మీ లెక్క అయ్యాక, "పొద్దున్న ఎన్ని కట్టలు తెచ్చారండీ?" అని వాళ్లనే అడగండి. వాళ్లు చెప్పిన అంకెలోంచి మీ అంకె తీసేస్తే వచ్చేదేమిటి? ఒక్క వాక్యంలో రాయండి.

4. ఒక్క కాయ, అయిదు నిమిషాలు

ఇది నిశ్శబ్దంగా చేసే పని. మీ జట్టు పేరున్న కాయని, గోంగూర జట్టు అయితే ఒక కొమ్మని, అడిగి చేతిలోకి తీసుకోండి. అడగకుండా ముట్టుకోవద్దు. గోటితో గిచ్చొద్దు, తుంచొద్దు.

- వంకాయ జట్టు: తొడిమ మీద వేలు మెల్లగా ఆనించండి. ముళ్లున్నాయా? ఎన్ని వంకాయల మీద ఉన్నాయి, ఎన్నిటి మీద లేవు? పది కాయలు చూసి చెప్పండి. వాటిలో పుచ్చు రంధ్రం ఎన్నిటికి ఉంది?
- బెండకాయ జట్టు: కాయ మీద పొడవునా ఉండే గట్లు లెక్కపెట్టండి. పది కాయలకి పది అంకెలు రాయండి. ఏ అంకె ఎక్కువసార్లు వచ్చింది?
- బీరకాయ జట్టు: మీరూ కాయ మీది గట్లే లెక్కపెట్టాలి. మొదలుపెట్టిన గట్టు మీద బొటనవేలు ఉంచి కాయని తిప్పండి, లేకపోతే ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెడతారు. పొడుగు కాయకీ పొట్టి కాయకీ గట్ల సంఖ్య ఒకటేనా?
- గోంగూర జట్టు: కాడ ఎర్రగా ఉందా, ఆకుపచ్చగా ఉందా? ఒక కొమ్మకి ఆకులెన్ని? అడుగు ఆకుకీ చివర ఆకుకీ ఆకారంలో తేడా ఏమిటి?

బొమ్మ గీయండి. అందంగా రాకపోయినా ఫరవాలేదు. మచ్చ ఉంటే మచ్చతోనే గీయండి, వంకర ఉంటే వంకరగానే గీయండి. పుస్తకంలో చూసిన వంకాయ కాదు, మీ చేతిలో ఉన్న వంకాయ గీయాలి.

5. తూకం, కొసరు

ప్రతి జట్టుకీ 100 రూపాయలు ఇస్తాను. అరకిలో టమాటాలు, మీకు నచ్చిన ఆకుకూర రెండు కట్టలు కొనాలి. కాటా మీద అంకె కనిపించేలా నిలబడండి. 0.500 అంటే 500 గ్రాములు, అంటే అరకిలో. ఖాళీ పళ్లెం ఉన్నప్పుడు కాటా సున్నా చూపిస్తోందా? ముందు అది చూడాలి.

తూకం అయ్యాక కొందరు ఇంకో కాయ వేస్తారు. అదే కొసరు. కొసరు వేశాక అంకె 0.535 అయితే కొసరు 35 గ్రాములు. కొసరు ఇవ్వకపోతే "0 గ్రాములు" అని రాయండి. సున్నా కూడా దత్తాంశమే. కొసరు ఇవ్వమని బతిమాలొద్దు, అప్పుడు మన లెక్క చెడిపోతుంది.

టమాటాలు ఎన్ని వచ్చాయో సంచిలో వేసుకునేటప్పుడే లెక్కపెట్టండి. ఇచ్చిన డబ్బు, ఖర్చయింది, తిరిగి వచ్చింది: మూడూ అక్కడే రాయండి. కొన్నవన్నీ మధ్యాహ్న భోజనం వండే ఆయాలకి ఇచ్చేస్తాం. సోమవారం పప్పులో అవే ఉంటాయి.

6. మాట్లాడదాం

ఒక్కరినే ఎంచుకోండి. బేరం జరుగుతుంటే ఆగండి. కొనేవాళ్లు వెళ్లాకే దగ్గరకి వెళ్లండి. "నమస్కారం అమ్మా, మేం బడి నుంచి వచ్చాం, రెండు నిమిషాలు అడగొచ్చా?" అని మొదలుపెట్టండి. వద్దంటే "సరేనమ్మా" అని ఇంకొకరి దగ్గరకి వెళ్లండి.

- మీది ఏ ఊరండీ? (ఆనందపురం, పద్మనాభం, భీమిలి లాంటి పేరు చెబితే తరగతిలో మ్యాప్‌లో వెతుకుదాం.)
- ఇంట్లో ఎన్ని గంటలకి లేచారు? ఇక్కడికి ఎలా వచ్చారు?
- ఇది ఎప్పుడు కోసిన కూర? నిన్న సాయంత్రమా, ఈ రోజు పొద్దున్నా?
- అమ్ముడుపోనిది ఏం చేస్తారు?

వాళ్ల మాట వాళ్ల మాటలాగే రాయండి. "ఆనపకాయ" అంటే ఆనపకాయ అనే రాయండి, సొరకాయ అని మార్చొద్దు. సంపాదన ఎంత అని అడగొద్దు. ఫోటోలు తీయం.

7. తిరిగొచ్చాక

- నాలుగు జట్ల గణన చిహ్నాలనీ కలిపి తరగతికి ఒక్క పట్టిక చేయండి. అమ్మేవాళ్లలో ఆడవాళ్లు ఎందరు, మగవాళ్లు ఎందరు? మీ అంచనా నిజమైందా?
- పది కూరగాయల కిలో ధరలకి కమ్మీ చిత్రం గీయండి. ఒక గడికి 5 రూపాయలు. 42 రూపాయల కమ్మీ ఎక్కడ ఆగుతుంది?
- నాలుగు జట్లకి వచ్చిన టమాటాల సంఖ్యలు ఒకటేనా? తూకం ఒకటే అయినా సంఖ్య ఎందుకు మారింది?
- రైతులు లేచిన సమయాలని తొందరగా లేచినవారితో మొదలుపెట్టి వరసగా రాయండి. పక్కనే మీరు లేచిన సమయం కూడా.
- మనం సోమవారం వెళ్లి ఉంటే ఏ అంకెలు మారేవి, ఏవి మారేవి కాదు? బెండకాయ గట్లు మారతాయా?

తోడు వచ్చే పెద్దలకి

పిల్లలు తప్పు లెక్కపెడుతున్నా దయచేసి సరిచేయకండి, "ఇంకోసారి చూడు" అంటే చాలు. రాసేది వాళ్లే రాయాలి. జనం ఎక్కువగా ఉన్న చోట జట్టుని గోడ వైపు నిలబెట్టండి. 9 గంటలకి అందరం ధరల బోర్డు దగ్గర కలుసుకుని, తలలు లెక్కపెట్టుకుని బయల్దేరుదాం. పిల్లలు ఇరవై మంది ఉండాలి.

నోట్‌బుక్‌లు సోమవారం మూడో పీరియడ్‌కి నా టేబుల్ మీద ఉండాలి. మట్టి అంటినా, తడిసి ముడతలు పడినా తీసుకుంటాను.