కె. హేమలత – యూఎక్స్ డిజైనర్ రెజ్యూమె

పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా
దరఖాస్తు: సీనియర్ యూఎక్స్ డిజైనర్. ఇంటి నుంచి పని, నెలకు ఒక వారం విశాఖపట్నం ఆఫీసులో.
ఫోన్, ఈమెయిల్: దరఖాస్తు ఫారంలో ఇచ్చినవే.

క్లుప్తంగా

తెలుగు, ఒడియా కలగలిసి మాట్లాడే ఊళ్ల కోసం ఫారాలు, కియోస్కులు, మొబైల్ యాప్‌లు డిజైన్ చేస్తాను. 2016 నుంచి ఇదే పని. తక్కువ ధర ఫోను, తెగిపోయే నెట్, తలో రకంగా రాసిన పేర్లు: నా డిజైన్లు ఎక్కువగా వీటి మధ్యే నడవాలి. కింద ప్రతి పనికీ సమస్య, నా పాత్ర, కొలిచిన ఫలితం ఇచ్చాను. ఒప్పందాల ప్రకారం సంస్థల పేర్లు రాయలేదు.

1. రైతు సభ్యత్వ నమోదు యాప్ (2022–23)
రైతు ఉత్పత్తిదారుల సంఘాల సమాఖ్య కోసం

*సమస్య.* నమోదు మొదలుపెట్టిన ప్రతి వందమందిలో దాదాపు 58 మంది మధ్యలో ఆగిపోతున్నారు. ఫారం పొడవు ఎక్కువైందని సమాఖ్య అనుకుంది. ఏ స్క్రీన్ దగ్గర ఆగుతున్నారో లాగ్‌లలో చూస్తే, సగానికి పైగా చివరిదైన ఏడో స్క్రీన్‌లో, బ్యాంకు వివరాల దగ్గరే ఆగారు. ఆధార్‌లో `Appa Rao`, పాసుబుక్కులో `K Apparao`. యాప్ ఈ రెండింటినీ అక్షరం అక్షరం పోల్చి `Invalid name` అని చూపి ఆపేసేది. ఏ పేరు, ఎక్కడి పేరు తప్పో రైతుకు తెలిసేది కాదు. పక్కన కూర్చున్న సంఘం గుమాస్తాకూ తెలిసేది కాదు.

*నా పాత్ర.* డిజైన్ బాధ్యత పూర్తిగా నాది. 14 మంది రైతులతో, గుమాస్తాలతో ముఖాముఖి మాట్లాడాను (తెలుగులో 9, ఒడియాలో 5). పేర్లు పోల్చే ప్రోగ్రాం డెవలపర్ రాశారు. ఏ తేడాను వదిలేయాలి, ఏ తేడా దగ్గర అడగాలి అన్న నియమాలు నావి. ఒడియా పాఠం ఒడియా మాతృభాషగా ఉన్న సహోద్యోగిది.

*చేసిన మార్పులు.* పేర్ల పోలికను ఏడో స్క్రీన్ నుంచి మొదటి స్క్రీన్‌కు తెచ్చాం. ఖాళీలు, చుక్కలు, ఇంటిపేరు పొడి అక్షరం తేడాలను యాప్ పట్టించుకోదు. అంతకు మించిన తేడా ఉంటే రెండు పేర్లనూ ఒకదాని కింద ఒకటి పెద్దగా చూపి, «పాసుబుక్కులో పేరు, ఆధార్‌లో పేరు ఒకలా లేవు. ఈ రెండూ మీవేనా?» అని అడుగుతుంది. అవునంటే నమోదు సాగుతుంది, సరిచూడాల్సిన జాబితాలో గుమాస్తాకు కనిపిస్తుంది. నెట్ పోయినా నింపింది ఫోనులోనే నిలుస్తుంది. స్క్రీన్లు ఏడు నుంచి నాలుగుకు తగ్గాయి.

*ఫలితం.* 2022 జూన్–జులైలో మొదలైన 1,840 నమోదుల్లో 764 పూర్తయ్యాయి (41.5%). 2023లో అవే నెలల్లో 2,115లో 1,438 (68%). ఈ పెరుగుదల మొత్తం డిజైన్‌దే అనడం న్యాయం కాదు, ఆ ఏడాది గుమాస్తాలకు శిక్షణ కూడా ఇచ్చారు. అందుకే అందరికీ ఇచ్చే ముందు మూడు వారాలపాటు, అదే శిక్షణ పొందిన కేంద్రాల్లోనే, 11 చోట్ల కొత్త ఫారం, 9 చోట్ల పాత ఫారం నడిపాం. కొత్తదానిలో 66%, పాతదానిలో 47% పూర్తయ్యాయి. డిజైన్ వల్ల వచ్చిన లాభంగా ఈ 19 పాయింట్లనే చెబుతాను.

2. ఆసుపత్రి ఓపీ టోకెన్ కియోస్కు (2021)
బరంపురం దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రి

*సమస్య.* మొదటి స్క్రీన్ ఇంగ్లిష్‌లో ఉండేది, భాష మార్చే మెనూ పై మూలన చిన్నగా. చాలామంది కియోస్కును ముట్టుకోకుండా నేరుగా కౌంటరుకు వెళ్లేవారు. తెలుగు ఎంచుకున్నవారికి మరో ఇబ్బంది: వరుసల మధ్య చోటు ఇంగ్లిష్‌కు సరిపడా పెట్టడంతో «రక్త పరీక్ష»లో కింది ఒత్తులు తెగిపోయేవి.

*నా పాత్ర.* ఏకైక డిజైనర్‌ని. పరిశీలన, ప్రోటోటైప్, ఆసుపత్రి వరండాలోనే పరీక్షలు.

*చేసిన మార్పులు.* మొదటి స్క్రీన్‌లో మూడే బటన్లు: ఒడియా, తెలుగు, ఇంగ్లిష్, ఏ భాష పేరు ఆ లిపిలోనే. తెలుగు, ఒడియా పాఠానికి `line-height: 1.6`. బటన్ల వెడల్పు స్థిరంగా ఉంచకుండా పాఠాన్ని బట్టి పెరిగేలా మార్చాం. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్టు కనీసం 4.5:1. వరండాలో మధ్యాహ్నపు ఎండ నేరుగా తెరమీద పడేది కాబట్టి ముఖ్యమైన బటన్లకు 7:1 పెట్టాం.

*ఫలితం.* మార్పుకు ముందు 60 మందిని, తర్వాత మరో 60 మందిని గమనించాం. ఎవరి సాయమూ లేకుండా టోకెన్ తీసుకున్నవారు 22 నుంచి 43కు పెరిగారు. మధ్యస్థ సమయం 3 నిమిషాల 10 సెకన్ల నుంచి 1 నిమిషం 40 సెకన్లకు తగ్గింది. సాయం కావాల్సిన మిగతా 17 మందిలో ఎక్కువమంది చదవడం రానివాళ్లు. వాళ్లకు తెర కంటే మనిషే మేలని రాతపూర్వకంగా సూచించాను. ఆసుపత్రి కియోస్కు పక్కన ఉదయం పూట ఒక సహాయకురాలిని ఉంచింది.

3. జీడిపిక్కల కొనుగోలు చీటీ (2019–20)
పలాస వ్యాపారులకు సాఫ్ట్‌వేర్ చేసే సంస్థలో ఉద్యోగిగా

*సమస్య.* వ్యాపారం 80 కిలోల బస్తాల లెక్కన నడుస్తుంది, యాప్ మాత్రం కిలోలే అడిగేది. గుమాస్తా నోటిలెక్క వేసి ఎక్కించేవాడు, తేమ కోత ఎక్కడ తీసేశారో చీటీలో కనిపించేది కాదు. చీటీ మెసేజి తెలుగులో 150 అక్షరాలు. తెలుగు ఎస్సెమ్మెస్ ఒక్కోటి 70 అక్షరాలకే పరిమితం, అది దాటితే ముక్కకు 67 చొప్పున విడిపోతుంది. కాబట్టి ప్రతి చీటీకీ మూడు ఎస్సెమ్మెస్‌ల ఖర్చు.

*నా పాత్ర.* ఇద్దరు డిజైనర్లలో ఒకరిని. తూకం స్క్రీన్, మెసేజి పాఠం నావి.

*ఫలితం.* బస్తాలు, విడి కిలోలు, తేమ కోత వేర్వేరు గడులయ్యాయి. మెసేజి «చీటీ 218: 42 బస్తాలు 15 కిలోలు = 3,375 కి.» తరహాలో 70 లోపుకు వచ్చింది, ఎస్సెమ్మెస్ ఖర్చు మూడో వంతుకు దిగింది. రైతు లెక్క ఒప్పుకోక వెనక్కి వచ్చిన చీటీలు నూటికి 9 నుంచి 3కు తగ్గాయి. రెండు సీజన్ల లెక్క ఇది. రెండో సీజన్‌లో ధర నిలకడగా ఉండడమూ కొంత కారణం కావచ్చు.

కొలిచే పద్ధతి

పని పూర్తయిన శాతం, మధ్యస్థ సమయం, తప్పుల సంఖ్య: ఈ మూడింటికే మొదటి స్థానం. వాడటం ఎంత తేలికో అడిగే ఎస్‌యూఎస్ ప్రశ్నావళి కూడా వాడతాను. కానీ దానిలో ఒకటి విడిచి ఒకటి వ్యతిరేకార్థంలో ఉండే ప్రశ్నలు ఉంటాయి. తెలుగులో గట్టిగా చదివి వినిపించినప్పుడు మర్యాదకొద్దీ అన్నిటికీ «అవును» అనేవాళ్లు ఎక్కువ. అందుకని ఆ మార్కును ఒంటరిగా ఫలితంగా చూపను.

ఉద్యోగాలు

2021 నుంచి: స్వతంత్ర యూఎక్స్ డిజైనర్, పర్లాకిమిడి.
2018–2021: యూఎక్స్ డిజైనర్, వ్యాపార సాఫ్ట్‌వేర్ సంస్థ, శ్రీకాకుళం.
2016–2018: జూనియర్ యూఐ డిజైనర్, విశాఖపట్నం.

చదువు, పనిముట్లు, భాషలు

బీసీఏ, బరంపురం, 2015. ఫిగ్మా, హెచ్‌టీఎమ్మెల్, సీఎస్సెస్, లెక్కలకు స్ప్రెడ్‌షీట్. తెలుగు మాతృభాష. ఒడియా ధారాళంగా మాట్లాడతాను, చదువుతాను, రాసింది మాత్రం మరొకరితో సరిచూపిస్తాను. ఇంగ్లిష్ పనికి సరిపడా. సవర అర్థం కాదు, సవర పల్లెల్లో పరిశోధనకు దుబాసీ ఖర్చు ముందే అంచనాలో చేర్చాలి.

మూడు పనుల పూర్తి స్క్రీన్లు, పరీక్షల ముడి లెక్కలు ఇంటర్వ్యూలో చూపగలను. 30 రోజుల ముందస్తు సమాచారంతో చేరగలను.