పాప టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత ఇంట్లో రెండు వారాలు

మంగళవారం ఉదయం పాపకు టాన్సిల్స్ తీశాం. ఈ రోజు, బుధవారం, ఇంటికి పంపుతున్నాం. పాపకు ఆరేళ్లు, బరువు 18 కిలోలు. మందుల కొలత ఆ బరువుకు రాసింది, ఇంట్లో ఇంకో బిడ్డకు అదే కొలత వాడకండి. పాపను చూసుకునేవాళ్లంతా ఈ కాగితం ఒకసారి చదవాలి.

మొదటి రెండు రోజులు పాప ఫరవాలేదనిపిస్తుంది. అసలు నొప్పి శుక్రవారం నుంచి సోమవారం దాకా. బాగవుతున్న బిడ్డ మళ్లీ ఏడుస్తోందేమిటని చాలామంది టెన్షన్ పడి ఫోన్ చేస్తారు. ఆ రోజుల్లో అది మామూలే. రాత్రంతా నోరు తెరిచి పడుకోవడంతో గొంతు ఎండిపోయి, పొద్దున లేవగానే నొప్పి ఎక్కువగా ఉంటుంది. చెవి నొప్పి అని కూడా అంటుంది. చెవికి ఏమీ కాలేదు, గొంతులో నొప్పే నరం వెంట చెవిలో తెలుస్తుంది.

టార్చ్ వేసి చూస్తే టాన్సిల్స్ ఉన్నచోట మీగడ అంటినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. అది చీము కాదు, పుండు మానేటప్పుడు కట్టే పొర. దూదితో తుడవకండి, గట్టిగా పుక్కిలించనివ్వకండి. నోరు బాగా వాసన వస్తుంది. పళ్లు మాత్రం రోజూ మెల్లగా తోమించండి. కొన్నాళ్లు గొంతు ముక్కుతో మాట్లాడినట్టుంటుంది, గురక కూడా వాపు తగ్గేదాకా ఉండొచ్చు.

మందులు: పారాసిటమాల్ సిరప్ (5 ఎం.ఎల్.లో 250 మి.గ్రా.ది) 5 ఎం.ఎల్. చొప్పున ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు మించకుండా. ఐబుప్రొఫెన్ సిరప్ (5 ఎం.ఎల్.లో 100 మి.గ్రా.ది) 7.5 ఎం.ఎల్. ఎనిమిది గంటలకోసారి, ఏదైనా తిన్నాక. పాప నీళ్లు సరిగా తాగకపోతే ఐబుప్రొఫెన్ ఆపి మాకు ఫోన్ చేయండి. మొదటి వారం నొప్పి ఉన్నా లేకపోయినా గడియారం చూసి ఇవ్వండి. నొప్పి ముదిరాక ఇస్తే అప్పటికే పాప నోరు తెరవదు. ఆస్పిరిన్, కొడీన్ ఉన్న దగ్గు మందు వద్దేవద్దు. జలుబు సిరప్పుల్లో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది, మమ్మల్ని అడగకుండా కలిపి ఇవ్వకండి.

తిండి సంగతి. రెండు మూడు రోజులు సరిగా తినకపోయినా కంగారు లేదు, తాగడం మాత్రం ఆగకూడదు. గొంతు ఎండితే నొప్పి పెరుగుతుంది, నొప్పి వల్ల తాగదు, తాగకపోతే ఇంకా ఎండుతుంది. గ్లాసు నిండా పోసి బతిమాలడం కన్నా, మెలకువగా ఉన్నంతసేపూ పావుగంటకోసారి రెండు గుక్కలు పట్టించడం తేలిక. పారాసిటమాల్ వేసిన అరగంటకు తినిపించండి. చల్లటి పాలు, పెరుగు, ఐస్‌క్రీమ్, చల్లార్చిన సూప్, మెత్తటి అన్నం, అరటిపండు, ఉడికిన గుడ్డు, ఏది ఇష్టమైతే అది. నమిలి మింగితే గొంతు కండరాలు బిగుసుకోవు కాబట్టి, అడిగితే మామూలు తిండి కూడా పెట్టొచ్చు. కారం, పులుపు, మరీ వేడివి, కరకరలాడేవి రెండు వారాలు ఆపండి. ఎర్ర రంగు జ్యూసులు కూడా వద్దు. వాంతి అయితే అది జ్యూసో రక్తమో తెలియక రాత్రిపూట హడలిపోతారు.

బడికి రెండు వారాలు సెలవు. ఇంట్లో నడవొచ్చు, కూర్చుని ఆడుకోవచ్చు. పరుగులు, గెంతులు, ఈత, దూరప్రయాణాలు వద్దు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లకూ, పొగకూ దూరంగా ఉంచండి.

రక్తం గురించి ఈ ముక్క రెండుసార్లు చదవండి. తెల్లపొర ఊడేది వచ్చే ఆదివారం నుంచి ఆపై శుక్రవారం లోపు. నొప్పి తగ్గింది కదా అని మనం ఏమరుపాటుగా ఉండే రోజులూ, రక్తం పడే ప్రమాదం ఎక్కువగా ఉండే రోజులూ అవే. మొదటి రోజు ఉమ్మిలో గోధుమరంగు చారలు ఫరవాలేదు. ఎర్రటి తాజా రక్తం మాత్రం కొద్దిగా కనిపించినా, ఆగిపోయినా సరే, ఆసుపత్రికి రావాల్సిందే. నిద్రలో ఊరికే గుటకలు మింగుతుంటే లేపి నోట్లో టార్చ్ వేసి చూడండి, రక్తం లోపలికి పోతుండొచ్చు. కాఫీ పొడి లాంటి నల్లటి వాంతి అయినా అంతే. పాపను ముందుకు వంచి కూర్చోబెట్టి ఉమ్మించండి. ఏమీ తాగించకండి, తినిపించకండి. ధారగా పడుతుంటే, ఊపిరి కష్టమైతే, ఛాతీ లోపలికి పీక్కుపోతుంటే, పెదాలు నీలిగా మారితే ఫోన్ కోసం ఆగొద్దు, వెంటనే అంబులెన్స్ పిలవండి.

ఫోన్ చేయాల్సినవి: ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోతే, ఏడ్చినా కన్నీళ్లు రాకపోతే, మందు వేసినా గుక్క కూడా మింగకపోతే, వాంతులు ఆగకపోతే, జ్వరం 101.5 దాటితే లేదా మూడు రోజులైనా తగ్గకపోతే, మెడ బిగుసుకుపోతే. వార్డు నంబరు డిశ్చార్జ్ ఫైలు అట్ట మీద ఉంది. రాత్రి రెండింటికైనా ఎత్తుతారు.